రెండో సంతకం ఎవరిది?

పాలమూరు జిల్లాలోని ఒక గ్రామానికి 2019 నుంచి 2024 దాకా సర్పంచ్‌గా పనిచేసిన దళిత మహిళ ఇంట్లో గత సంక్రాంతి తర్వాత ఒక పూట కూర్చున్నాను. ఆమె పేరుగానీ ఊరి పేరుగానీ ఇక్కడ రాయను. ఇంకా అదే ఊళ్లో బతకవలసిన మనిషి. మాటల మధ్యలో ఆమె లేచి ట్రంకు పెట్టె తెరిచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. అందులో తీర్మానాల నకళ్లు, బిల్లుల జిరాక్సులు, ట్రెజరీ టోకెన్ నంబర్లు రాసుకున్న ఒక నోటుపుస్తకం ఉన్నాయి. ‘‘సంతకం నేనే పెట్టిన సార్, కాని పైసలు ఇంకొకాయన చెయ్యి దాటి రావాలె. ఆ చెయ్యి దాటినంక ట్రెజరీల ఆగినయి’’ అన్నది. అధికార వికేంద్రీకరణ మీద నేను చదివిన నివేదికలన్నింటికంటే ఆ రెండు వాక్యాలే నాకు విషయాన్ని సూటిగా చెప్పాయి. ఈ వ్యాసం వాటికి వ్యాఖ్యానం మాత్రమే.

ముందు ఆ ‘‘ఇంకొకాయన’’ సంగతి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. అంతకుముందు గ్రామ పంచాయతీ చెక్కు మీద సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి సంతకాలు చేసేవారు. కొత్త చట్టం కార్యదర్శి స్థానంలో ఉపసర్పంచ్‌ను తెచ్చింది. 2019 జూన్‌లో ఈ నిబంధన అమలులోకి రాగానే సర్పంచులు రాష్ట్రవ్యాప్తంగా ఆందోళన చేశారు. నిధుల దుర్వినియోగాన్ని అరికట్టడానికి, పాలకవర్గానికి ఉమ్మడి బాధ్యత కల్పించడానికి ఈ ఏర్పాటు అని ప్రభుత్వం సమర్థించుకుంది. పైకి చూస్తే అందులో తప్పు పట్టవలసింది కనిపించదు. ప్రజాధనం ఒక్క సంతకంతో కదలకూడదన్నది ఆడిట్‌లో ఓనమాలు. అయితే రెండో సంతకం ఎవరిదన్న ప్రశ్న దగ్గర కులం ప్రవేశిస్తుంది.

రాజ్యాంగంలోని 243డి అధికరణం ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో వార్డు స్థానాలను, సర్పంచ్ పదవులను రిజర్వు చేసింది. మహిళలకు కనీసం మూడో వంతు అన్నది. మన రెండు రాష్ట్రాలూ దానిని సగానికి పెంచాయి. కాని ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. ఆ పదవికి ప్రజలు నేరుగా ఓటు వేయరు. ఫలితాలు వెలువడిన నాడే వార్డు సభ్యులను కూర్చోబెట్టి చేతులెత్తించి ఎన్నిక ముగిస్తారు. పది వార్డుల ఊరు అనుకుందాం. సర్పంచ్ పీఠం ఎస్సీ మహిళకు వచ్చింది. వార్డుల్లో రెండో మూడో ఎస్సీలవి, మిగతావి బీసీలవి, జనరల్‌వి. ఆరుగురు చేతులెత్తితే చాలు, ఉపసర్పంచ్ ఖాయం. సర్పంచ్ పదవి తమకు దక్కదని నెల ముందే తెలిసిన పెద్ద రైతు కుటుంబం ఏం చేస్తుంది? జనరల్ వార్డులో తన మనిషిని నిలబెడుతుంది, మరో నలుగురైదుగురు వార్డు సభ్యుల ఎన్నికల ఖర్చు భరిస్తుంది. సర్పంచ్ పదవికి పోటీ చేయడం కంటే ఇది చవక కూడా. ఎన్నికల రాత్రి ఎస్సీ సర్పంచ్‌కు పూలదండ పడుతుంది. ఆ పక్కనే చెక్కుబుక్కులో సగం వాటా ఊరి పాత పెద్దరికానికి తిరిగి చేరిపోతుంది.

నేను చెప్పిన ఊళ్లో జరిగింది ఇదే. ఉపసర్పంచ్ ఆధిపత్య కులానికి చెందిన భూస్వామి కొడుకు. అతను గొడవ పడలేదు, బెదిరించలేదు, ఎవరినీ కులం పేరుతో దూషించలేదు. అందువల్ల అట్రాసిటీ చట్టానికి అతను అంత తేలిగ్గా దొరకడు. చేసిందల్లా సంతకం ఆలస్యం చేయడం. ఎస్సీ వాడలో మురుగు కాల్వ కట్టాలని ఆమె మొదటి ఏడాదే తీర్మానం పెట్టింది. అందరూ ఆమోదించారు. తీర్మానానికి అడ్డు చెప్పడం మర్యాద కాదు గదా! పంచాయతీరాజ్ శాఖ ఏఈ వచ్చి కొలిచి నాలుగు లక్షల రూపాయలకు అంచనా రాసిచ్చారు. ఇంత చిన్న పనికి, పైగా బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని పనికి ఏ కాంట్రాక్టరూ ముందుకు రాడు. కాబట్టి ఊళ్లలో సర్పంచే కాంట్రాక్టర్ అవుతారు. సిమెంటు, కంకర, మేస్త్రీ కూలీ అన్నీ చేతి నుంచి పెట్టుకుని పని పూర్తి చేసి, తర్వాత బిల్లు చేసుకోవాలి. ఈ పద్ధతి ఏ చట్టంలోనూ లేదు, దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంది.

ఆమె చేతిలో నాలుగు లక్షలు లేవు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఎవరి దగ్గర తెచ్చావని అడిగితే నవ్వింది. ఊళ్లో అంత మొత్తం ఒక్కసారిగా ఇవ్వగలిగినవాళ్లు ఎందరుంటారు? ఉపసర్పంచ్ మేనమామ ఇచ్చాడు. అంటే చెక్కు మీద సంతకం ఆపగలిగిన కుటుంబమే, ఆ చెక్కు రాకపోతే పెరిగే వడ్డీని వసూలు చేసుకునే కుటుంబం కూడా. ఇందులో కుట్ర ఉందని నేను అనడం లేదు. ఊరి ఆస్తి ఎవరి దగ్గర ఉందో అధికారమూ అటే ఒరుగుతుందనడానికి కుట్ర అవసరం లేదు.

పని పూర్తయింది. ఏఈ కొలతల పుస్తకంలో, అదే ఊళ్లో అందరూ ఎంబీ అనే పుస్తకంలో, రికార్డు చేశారు. డీఈ సరిచూశారు. కార్యదర్శి వోచర్ రాశారు. చెక్కు మీద ఆమె అదే రోజు సంతకం చేసింది. ఉపసర్పంచ్ సంతకానికి మూడు నెలల పైనే పట్టింది. ఒకసారి హైదరాబాద్‌లో ఉన్నానన్నాడు, ఒకసారి పని నాణ్యత చూడాలన్నాడు, ఇంకోసారి తన వార్డులో సీసీ రోడ్డు తీర్మానం ముందు పెట్టమన్నాడు. చివరి మాటే అసలు మాట. ఆమె ఆ తీర్మానం పెట్టింది, చెక్కు మీద సంతకం పడింది. ఇలా ఒక్కో సంతకానికి ఒక్కో రోడ్డు, ఒక్కో వీధి దీపం చెల్లించుకుంటూ ఐదేళ్లు గడిచాయి. రిజర్వుడు సర్పంచ్‌లందరూ డమ్మీలనీ, భర్తలో పెత్తందార్లో నడిపిస్తారనీ ఎగతాళి చేసేవారు ఈ బేరాన్ని ఎన్నడూ చూడలేదనుకుంటాను. ఆమె డమ్మీ కాదు. తన వాడకు కాల్వ తెచ్చుకోవడానికి ప్రతిసారీ ధర కట్టిన మనిషి.

సంతకం ఇవ్వని ఉపసర్పంచ్ మీద జిల్లా అధికారులకు ఫిర్యాదు చేసి, ఆ అధికారాన్ని మరో వార్డు సభ్యునికి మార్పించుకున్న సర్పంచులూ ఉన్నారు. మార్గం లేదనలేం. కాని ఆ మార్గం కలెక్టరేట్ గుండా పోతుంది. అక్కడ పలుకుబడి ఎవరికి ఎక్కువ? పైగా అదే చట్టం సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టర్ చేతిలో పెట్టింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే చర్య, పంచాయతీ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే ఖర్చు చేయాలన్న ఆజ్ఞ వంటివి ఆ చట్టంలో ఉన్నాయి. మొక్కలు నాటడం మంచిదే. కాని తన డబ్బులో పదో వంతు దేనికి ఖర్చు పెట్టాలో కూడా నిర్ణయించుకోలేని సంస్థను ‘స్థానిక ప్రభుత్వం’ అని పిలవడం మాటల గారడీ. తప్పు చేస్తే శిక్షించే చట్టం, బిల్లు ఆపితే ఎవరిని శిక్షించాలో చెప్పలేదు.

ఇక రెండో వాక్యం: ‘‘ట్రెజరీల ఆగినయి’’. రెండు సంతకాలు పడిన చెక్కు సబ్ ట్రెజరీకి వెళుతుంది. అక్కడ ఒక టోకెన్ నంబరు ఇస్తారు. టోకెన్ అంటే డబ్బు కాదు, వరుసలో ఒక చోటు మాత్రమే. పంచాయతీ ఖాతాలో నిల్వ కనిపిస్తూనే ఉంటుంది. ఆర్థిక శాఖ విడుదలకు అనుమతిస్తే తప్ప అది కదలదు. ఊళ్లలో దీనికి ‘ఫ్రీజింగ్’ అన్న మాట స్థిరపడిపోయింది. ఇంటిపన్ను, నల్లాబిల్లు, లైసెన్సు ఫీజులుగా ఊరివాళ్లే కట్టిన సొమ్ము కూడా ఈ గడ్డకట్టుడులో భాగమవుతుంది. ఇది ఏ కులాన్నీ చూసి ఆగదు, నిజమే. రెడ్డి సర్పంచ్ బిల్లూ ఆగుతుంది, మాదిగ సర్పంచ్ బిల్లూ ఆగుతుంది. కాని ఆగినప్పుడు పడే దెబ్బ ఒకటి కాదు. పాతిక ఎకరాల రైతు నాలుగు లక్షలు రెండేళ్లు ఆగితే ఓర్చుకోగలడు. ఆమె లెక్క చూడండి: నాలుగు లక్షలకు నూటికి రెండు చొప్పున నెలకు వడ్డీ 8,000 రూపాయలు. సర్పంచ్ గౌరవ వేతనం మొదట 5,000, 2021లో పెంచాక 6,500. నెల జీతం మొత్తం వడ్డీకి పోసినా ఇంకా పదిహేను వందలు తక్కువ. ఆ బిల్లు పద్దెనిమిది నెలలు ఆగింది. వడ్డీ ఒక్కటే లక్షా నలభై నాలుగు వేలు. అంచనాలో వడ్డీకి పద్దు ఉండదు కాబట్టి అది ఎప్పటికీ తిరిగి రాదు. పుస్తెలతాడు తాకట్టు పెట్టానని ఆమె మామూలుగా చెప్పింది, వర్షం పడిందని చెప్పినట్టు.

2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి ఈ అప్పును ఇంకా పెంచింది. ప్రతి ఊరికీ నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ప్రకృతి వనం, ట్రాక్టరు ఉండాలన్నారు. ఏది ముందు, ఏది వెనుక అని గ్రామసభను అడగలేదు. చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. జరిగేది జాబితా చదివి వినిపించడానికి. మా ఊరికి శ్మశానం కంటే ముందు నీళ్లు కావాలని ఏ సర్పంచ్ అయినా అంటే కలెక్టర్ సమీక్షలో నిలబెట్టి అడిగేవారు. ఆ పనుల బిల్లుల కోసమే 2024లో మాజీ సర్పంచులు సచివాలయం చుట్టూ తిరిగారు, అరెస్టయ్యారు. ప్రభుత్వం మారినా వరుస మారలేదు.

పంచాయతీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూస్తే ఈ నిస్సహాయత అర్థమవుతుంది. 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు పంచాయతీల ఆర్థిక స్థితిపై ఒక నివేదిక విడుదల చేసింది. 2022-23లో దేశంలో సగటున ఒక్కో పంచాయతీ సొంత పన్నులుగా సంపాదించింది 21 వేల రూపాయలు, పన్నేతర ఆదాయం 73 వేలు. కేంద్రం నుంచి వచ్చింది సుమారు 17 లక్షలు, రాష్ట్రం నుంచి మూడుంపావు లక్షలు. అంటే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటే ఊరి ప్రాణవాయువు. 15వ ఆర్థిక సంఘం ఆ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టిపడేసింది. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టం. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే గ్రాంటు రాదని కూడా షరతు పెట్టింది.

ఈ షరతు తెలంగాణలో ఎంత ఖరీదైందో గుర్తుచేసుకోవాలి. 2024 ఫిబ్రవరి ఆరంభంలో పాలకవర్గాల గడువు ముగిసింది. గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని 243ఇ అధికరణం స్పష్టంగా చెబుతున్నా, 2025 డిసెంబరు దాకా జరగలేదు. దాదాపు రెండేళ్లు పన్నెండు వేలకు పైగా పంచాయతీలను ప్రత్యేకాధికారులు నడిపారు, కేంద్ర గ్రాంటు నిలిచిపోయింది. జాప్యానికి ప్రధాన కారణం బీసీ రిజర్వేషన్ వివాదం. కులగణన జరిగింది, 42 శాతం బిల్లు శాసనసభలో నెగ్గింది, జీవో వచ్చింది, 2025 అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది, చివరికి 50 శాతం పరిమితికి లోబడే ఎన్నికలు జరిగాయి. 2018లో కూడా బీసీల వాటా 34 శాతం నుంచి కోతపడింది. జనాభాలో సగానికి మించిన వారికి పావువంతు పీఠాలు ఇవ్వడం అన్యాయమే, నాకు అందులో సందేహం లేదు. కాని ఆ రెండేళ్ల చర్చలో పీఠం ఎక్కినవారికి చెక్కు మీద అధికారం ఎంత అన్న ప్రశ్న ఒక్కసారి కూడా బలంగా వినిపించలేదు. రేపు 42 శాతం దక్కినా, ఉపసర్పంచ్ కుర్చీలో ఎవరున్నారో, ట్రెజరీ తాళం ఎవరి దగ్గరుందో అడగకపోతే కురుమ సర్పంచ్ పరిస్థితి, చాకలి సర్పంచ్ పరిస్థితి ఆ సంచిలో కాగితాల కంటే భిన్నంగా ఉండదు.

ఇక్కడ ఒక ఎదురు ఉదాహరణ చెప్పకపోతే నా వాదన ఏకపక్షమవుతుంది. అదే 2018 చట్టంతో వందలాది తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. మొత్తం గిరిజనులే ఉన్న చోట సర్పంచ్, వార్డులు అన్నీ వారివే, కాబట్టి ఉపసర్పంచ్ కూడా లంబాడీ బిడ్డే. ఊరి పెత్తందారు చేతి కింద సంతకం కోసం నిలబడవలసిన పని లేదు. ఇది చిన్న విషయం కాదు. తరతరాలుగా పెద్ద ఊరి పంచాయతీలో ఆ చివర ఒక వార్డుగా మిగిలిన తండాకు తన కార్యాలయం, తన గ్రామసభ వచ్చాయి. కాని నాలుగైదు వందల జనాభా ఉన్న తండాకు ఇంటిపన్ను ఎంత వస్తుంది? దుకాణాలు, రైసు మిల్లు, మెయిన్ రోడ్డు పాత ఊళ్లోనే ఉండిపోయాయి. గ్రాంటు జనాభాను బట్టి వస్తుంది గనుక అదీ కొద్దిగానే. ట్రాక్టరు కిస్తీ, కరెంటు బిల్లు, సఫాయి కార్మికుని జీతం కట్టాక మిగిలేది దాదాపు శూన్యం. పెద్ద ఊళ్లో డబ్బుంది, దాని మీద దళిత సర్పంచ్‌కు చెయ్యి లేదు. తండాలో చెయ్యి ఉంది, డబ్బు లేదు. రెండూ చూసినవారికి మాత్రమే వికేంద్రీకరణ ఎక్కడెక్కడ ఆగుతుందో తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సంతకం దాకా కూడా రానివ్వలేదు. 2021లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద రాష్ట్ర ప్రభుత్వమే మినహాయించుకుంది. పాలకవర్గం తీర్మానం లేదు, చెక్కు లేదు. ఖాతా చూసుకునేసరికి నిల్వ లేదు. అధికార పార్టీ సర్పంచులు కూడా రోడ్డెక్కారు. బకాయి ఉన్నమాట నిజమే కావచ్చు, కాని అప్పుల్లో ఏది ముందు తీర్చాలో నిర్ణయించుకునే హక్కే గదా పాలన అంటే. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాలు పంచాయతీ పక్కనే లేచాయి. ఆ ఉద్యోగులు సర్పంచ్‌కు జవాబుదారులా, పై శాఖలకా అన్న పేచీ చాలాకాలం నడిచింది.

పట్టణాల్లో ఈ కథ ఇంకా పొట్టిది. మున్సిపల్ చైర్‌పర్సన్‌కు చెక్కు అధికారమే లేదు. కార్యనిర్వాహక అధికారమంతా ప్రభుత్వం నియమించిన కమిషనర్‌ది. హైదరాబాద్‌లో తాగునీరు, మురుగు జలమండలి చేతిలో, నగర విస్తరణ ప్రణాళిక హెచ్‌ఎండీఏ చేతిలో ఉన్నాయి. ఆ రెండూ రాష్ట్ర ప్రభుత్వానివే. దళిత మహిళ మేయర్ అయితే ఫొటో వస్తుంది, మ్యాన్‌హోల్‌లోకి దిగే కార్మికునికి యంత్రం కొనాలంటే ఆమె ఉత్తరం రాయాలి.

రాజ్యాంగ సభలో 1948 నవంబరులో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా ఒప్పుకోనన్న సంగతి ఈ పేజీ పాఠకులకు కొత్త కాదు. ఆయన భయం ఊరికి అధికారం ఇస్తే అది ఊరి పెత్తందారుకే చేరుతుందని. 73వ సవరణ ఆ భయానికి రిజర్వేషన్ అనే జవాబు చెప్పింది. కాని అదే సవరణ 11వ షెడ్యూలులోని 29 అంశాలను బదిలీ చేయడాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. 243జి అధికరణం ‘ఇవ్వవచ్చు’ అన్నదే గాని ‘ఇవ్వాలి’ అనలేదు. పీఠం తప్పనిసరి, అధికారం ఐచ్ఛికం. ఈ ఎడంలోనే రెండో సంతకం వంటి నిబంధనలు పుట్టుకొస్తాయి. అంబేడ్కర్ మాటను పట్టుకుని పంచాయతీలకు అధికారమే వద్దనే మిత్రులతో నేను ఏకీభవించను. ఊరి పెత్తందారు భయపడేది రాజధానిలోని సెక్రటరీకి కాదు, వాడలోంచి వచ్చిన సర్పంచ్ చేతిలోని చెక్కుబుక్కుకు. లేకపోతే దాని మీద అంత ఆరాటం ఎందుకు?

చేయదగినవి ఉన్నాయి, అసాధ్యమైనవి కావు. రెండో సంతకం కార్యదర్శికి తిరిగి ఇవ్వాలి. అతను ఉద్యోగి, ఆలస్యానికి మెమో ఇవ్వవచ్చు. లేదా సర్పంచ్ పదవి రిజర్వు అయిన చోట ఉపసర్పంచ్ సంతకానికి ఏడు రోజుల గడువు పెట్టి, నిరాకరిస్తే కారణం తీర్మానాల పుస్తకంలో రాయాలన్న నియమం చేయాలి. హైదరాబాద్‌లో ఉన్నానన్న కారణాన్ని రాతలో ఎవరూ రాయరు. ట్రెజరీలో టోకెన్ల చెల్లింపు తేదీల వరుసలోనే జరగాలి, ఆ వరుస అందరికీ కనిపించాలి. కేరళ 1996 నుంచే ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇస్తూ, ఏ పంచాయతీకి ఎంతో బడ్జెట్ అనుబంధంలో పేరుపేరునా అచ్చువేస్తోంది. శాసనసభ ఆమోదించిన అంకెను ఆర్థిక శాఖ గుమాస్తా ఆపడం అక్కడ అంత తేలిక కాదు. అక్కడా కోతలున్నాయి, అయినా కోత పడిందని ఊరికి తెలుస్తుంది.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. పరిశోధనకు అంశం వెతుక్కుంటున్నవారు మీ సొంత మండలంలో రిజర్వుడు పంచాయతీలు ఐదు, జనరల్ పంచాయతీలు ఐదు తీసుకోండి. ఎంబీలో రికార్డయిన తేదీ, చెక్కు మీద మొదటి సంతకం తేదీ, రెండో సంతకం తేదీ, టోకెన్ తేదీ, డబ్బు జమ అయిన తేదీ సమాచార హక్కు కింద అడగండి. చెల్లింపుల వోచర్లు ఈ-గ్రామ్ స్వరాజ్‌లో కొంతవరకు దొరుకుతాయి. రెండో సంతకానికి ముందరి ఎడం రిజర్వుడు ఊళ్లలోనే పెద్దదైతే అది కులం. టోకెన్ తర్వాతి ఎడం అన్ని ఊళ్లలో ఒకేలా ఉంటే అది ఖజానా. రెండింటినీ కలిపి ‘నిధుల కొరత’ అనే వాళ్ల నోరు అప్పుడు మూయించవచ్చు. ఉపసర్పంచ్ కులం ఏమిటో ఏ పోర్టల్‌లోనూ ఉండదు, అది మాత్రం ఊరికి వెళ్లి అడగాలి.

నేను బయలుదేరుతుంటే ఆమె ఆ సంచిని మళ్లీ పెట్టెలో పెట్టింది. కాల్వ బిల్లు ఎట్టకేలకు వచ్చిందట, పల్లె ప్రగతి పనులవి ఇంకా రెండు టోకెన్లు మిగిలి ఉన్నాయి. డిసెంబరు ఎన్నికల్లో సర్పంచ్‌గా గెలిచిన బీసీ యువకుడు అంతకు ముందురోజే వచ్చి ఆ నోటుపుస్తకం చూసి వెళ్లాడట. ఏమడిగాడని అన్నాను. ‘‘ఉపసర్పంచ్ పాతాయినె మళ్ల గెలిచిండు గదా, ఆయన దగ్గర సంతకం ఎట్ల తీసుకునేదానివి అక్కా అని అడిగిండు’’ అన్నది.